లేతు మిషన్ ఆన్ చేసే ముందు ఏం చూడాల, పని అయినాక ఎట్లా ఆపాల: కొత్తగా నేర్చుకునే వాళ్లకి

ప్రశ్న: అన్నా, నేను ఐటీఐ టర్నర్ ఫస్ట్ ఇయర్, చిత్తూరు. సాయంత్రం పూట ఒక లేతు షాపులో పనికి పోతా ఉన్నా. మేస్త్రిని అడిగితే "చూసి నేర్చుకో" అంటాడు. మిషన్ స్టార్ట్ చేసే ముందు ఏమేం చూడాల, నడిపేటప్పుడు ఎట్లా జాగ్రత్త పడాల, ఆపేటప్పుడు వరస ఏంది, ఎవరైనా ఒక చోట రాసి పెట్టండి.

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో, మిగతాది తర్వాత చదువు. చక్ కీ చక్కులో ఉన్నంతసేపు నీ చెయ్యి దాని మీదే ఉండాల, చెయ్యి తీసినావంటే కీ కూడా చేతితోనే బయటికి రావాల. ఒక్క సెకను కూడా కీని చక్కులో వదిలి పక్కకి తిరగొద్దు, టూల్ తీసుకోవడానికైనా సరే, ఫోన్ మోగినా సరే. రెండోది, మెయిన్ ఆఫ్‌లో ఉండగానే చేత్తో చక్కుని ఒక ఫుల్ రౌండ్ తిప్పి చూడకుండా మిషన్ ఆన్ చేయొద్దు. మూడోది, ఆపిన చక్కు దానంతట అదే నిలబడేదాకా చెయ్యి దగ్గరికి పోనీయొద్దు. ఈ మూడు నీకు అలవాటైతే నేను కింద రాసేది సగం నీకే తెలిసిపోతాది.

నేను లేతు మీద ఇరవై ఆరేళ్లుగా ఉన్నా, ఎక్కువ భాగం రేణిగుంట, గాజులమండ్యం వైపు షాపుల్లో. మీ చిత్తూరు వైపు నుంచి చెరుకు గానుగ షాఫ్టులు, రోలర్లు, బోరు మోటార్ల బుష్‌లు, ట్రాక్టర్ పిన్నులు చాలా వచ్చేవి. ఐటీఐ నుంచి వచ్చే పిల్లలకి మొదటి వారం నేనే నేర్పేవాణ్ణి, వాళ్లకి చెప్పిన వరసే ఇక్కడ రాస్తా ఉన్నా. నేను చెప్పేది మామూలు సెంటర్ లేతు గురించి, సీఎన్‌సీ వేరే సంగతి.

ఆన్ చేసే ముందు

మెయిన్ స్విచ్ ఆఫ్‌లో పెట్టి మొదలుపెట్టు. మిషన్ దగ్గరికి పోయే ముందు నిన్ను నువ్వు చూసుకో. ఫుల్ హ్యాండ్ చొక్కా అయితే మోచెయ్యి పైకి మడత పెట్టు, చొక్కా ప్యాంటు లోపలికి దోపు, మెడలో టవల్ తీసెయ్, కళ్లద్దాలు పెట్టుకో. గ్లౌజులు వేసుకుంటే చేతికి మంచిది కదా అని కొత్తవాళ్లు అనుకుంటారు, లేతు మీద అది తప్పు, తిరిగే జాబ్ గ్లౌజు అంచుని పట్టుకుంటే వేలుని కూడా దాంతోనే లాక్కుపోతాది. మన దగ్గర ఇంకొకటుంది, చేతికి కట్టుకున్న దారాలు. కొండకి పోయొచ్చి కట్టుకున్నదో, గుళ్లో కట్టిందో, దాన్ని తెంపమని నేను ఎవరికీ చెప్పలా. కానీ ఆ దారం తొందరగా తెగదు తమ్ముడూ, చిన్న పోగు జాబ్‌కి చుట్టుకున్నా మణికట్టు దాని వెంటే పోతాది. దాన్ని మోచేతి దాకా పైకి జరిపి మడత కింద దోపు, జరగకపోతే మిషన్ పని చేసినంతసేపు విప్పి జేబులో పెట్టుకో. అయ్యప్ప మాల సీజన్‌లో పిల్లలు మాల వేసుకుని వస్తారు, వాళ్లకి మాల చొక్కా లోపల పెట్టుకుని పై బటన్ దాకా వేసుకోమని చెప్పేవాణ్ణి, పంచె కట్టుకుని లేతు దగ్గర నిలబడడానికి మాత్రం నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఆ నలభై ఒక్క రోజులు వాళ్లకి డ్రిల్లింగ్ మార్కింగ్, ఫైలింగ్, కొలతల పని ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు మిషన్. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి కుడి పక్క దాకా పో, ఎప్పుడూ అదే వరసలో పోతే ఏదీ మర్చిపోవు. బెల్ట్ కవరు, గేర్ల డోర్ మూసి ఉన్నాయా చూడు. హెడ్‌స్టాక్ ముందర గుండ్రటి అద్దం ఉంటాది, దాంట్లో ఆయిల్ గీత దాకా ఉండాల, లేకపోతే ముందు ఆయిల్ పోసే ఆన్ చెయ్. స్పిండిల్ లివర్ న్యూట్రల్‌లో, ఆటో ఫీడ్ లివర్, హాఫ్ నట్ లివర్ రెండూ విడిపించి ఉండాల. ఈ రెండూ ముఖ్యం, ఎందుకంటే నీకంటే ముందు ఎవరో థ్రెడింగ్ చేసి హాఫ్ నట్ వేసి వదిలేసి పోయుంటారు, నువ్వు స్పిండిల్ ఆన్ చేయగానే క్యారేజ్ దానంతట అది చక్కు మీదికి పరిగెత్తుతాది. స్పీడ్ లివర్ అన్నిటికన్నా తక్కువ స్పీడ్‌లో పెట్టు. బెడ్ మీద, క్రాస్ స్లైడ్ మీద స్పానర్, వెర్నియర్, ఎలెన్ కీ ఏదీ ఉండకూడదు, దాంతో పాటు టూల్ పోస్ట్ కీ కూడా. తర్వాత బెడ్ దారుల మీద ఆయిల్ క్యాన్‌తో నాలుగు చుక్కలు వేసి క్యారేజ్‌ని చేత్తో చివరిదాకా ఒకసారి అటూ ఇటూ తిప్పు, ఎక్కడైనా గరుగ్గా పట్టేస్తే అక్కడ రజను ఇరుక్కుందని అర్థం.

జాబ్ బిగించేటప్పుడు ముందు దాన్ని తుడువు. గానుగ షాఫ్ట్ ఒకసారి నా దగ్గరికి వచ్చింది, దాని మీద ఎండిపోయిన చెరుకు పాలు, మట్టి కలిసి నల్లటి పొర కట్టేసింది. అట్లాగే చక్కులో బిగిస్తే జాస్ ఆ పొరని పట్టుకుంటాయి గానీ షాఫ్ట్‌ని కాదు, కట్ వేయగానే జాబ్ చక్కులో జారి తిరిగిపోతాది. వేడి నీళ్లతో కడిగి ఎండబెట్టి బిగిస్తే అదే షాఫ్ట్ కదల్లేదు. బిగించినాక జాస్ చివరలు చక్కు బాడీ దాటి ఎంత బయటికి వచ్చినాయో చూడు, బాగా బయటికి వచ్చినాయంటే ఆ జాబ్‌కి ఆ చక్కు చాలదు, జాస్ తిప్పి వేసుకోవాల లేదా పెద్ద చక్కు వాడాల. కీని తీసి దాని స్టాండ్‌లో పెట్టు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి చేత్తో చక్కుని ఒక ఫుల్ రౌండ్ నిదానంగా తిప్పు, జాస్ ఎక్కడన్నా టూల్ పోస్ట్‌కో, కాంపౌండ్ స్లైడ్‌కో తగులుతాయా చూడు. క్యారేజ్‌ని కట్ ఆఖరికి ఎక్కడిదాకా రావాలో అక్కడికి తెచ్చి మళ్లీ తిప్పు. ఈ రెండో సారి తిప్పడం చాలామంది చేయరు, టూల్ దూరంగా ఉన్నప్పుడు తగలదు, కట్ చివర్లోనే జా వచ్చి కొడతాది.

ఇప్పుడు మెయిన్ ఆన్. స్టార్ట్ చేసేటప్పుడు చక్కుకి ఎదురుగా నిలబడొద్దు, ఒక అడుగు కుడి పక్కకి, టెయిల్‌స్టాక్ వైపు జరుగు. తక్కువ స్పీడ్‌లో రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి శబ్దం విను. ఎమర్జెన్సీ బటన్ ఒకసారి నొక్కి నిజంగా ఆగుతాదా చూడు, గోడకి బొమ్మ లాగా ఉండే ఎమర్జెన్సీ బటన్లు నేను చాలా షాపుల్లో చూసినా.

తిరిగే దిక్కు కూడా చూసుకో. చక్కు పై భాగం నీ వైపుకి వచ్చి టూల్ మీదికి దిగాల. "అది ఎప్పుడూ అట్లాగే కదా తిరిగేది" అనుకోవద్దు. మోటార్ రీవైండింగ్‌కి పోయొచ్చినా, లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైర్లు మార్చి కట్టినా త్రీ ఫేజ్‌లో రెండు ఫేజులు అటూ ఇటూ అయిపోతే మోటార్ తిరగబడి తిరుగుతాది. పాత లేతుల్లో చక్కు స్పిండిల్‌కి మరలతో ఎక్కించి ఉంటాది, ఎదురు దిక్కులో జెర్క్‌తో స్టార్ట్ అయితే మర వదులైపోయి చక్కే ఊడొస్తాది. కరెంట్ పని జరిగిన రోజు మొదటి స్టార్ట్ తక్కువ స్పీడ్‌లోనే, అర సెకను ఆన్ చేసి ఆఫ్ చేసి చూడు. మోటార్ తిరక్కుండా ఊరికే హమ్మంటా ఉందంటే ఒక ఫేజు రావడం లేదు, వెంటనే ఆఫ్ చెయ్, చక్కుని చేత్తో తోసి స్టార్ట్ చేయాలని చూడొద్దు.

కరెంట్ పోయినప్పుడు

దీన్ని వేరేగా రాస్తా ఉన్నా, ఎందుకంటే ఏ మాన్యువల్‌లోనూ ఇది ఇంత పెద్దగా ఉండదు గానీ నేను చూసిన పెద్ద దెబ్బ ఇట్లాగే తగిలింది. అప్పట్లో నేను పని చేసిన ఒక షాపులో స్టార్టర్‌లో నో వోల్ట్ కాయిల్ కాలిపోయింది. ఆ కాయిల్ పనేందంటే, కరెంట్ పోగానే స్టార్టర్‌ని వదిలేసి ఆఫ్ చేయడం, మళ్లీ గ్రీన్ బటన్ నొక్కేదాకా మోటార్ తిరగనీయకపోవడం. కొత్త కాయిల్ వచ్చేదాకా అని చెప్పి ఎలక్ట్రీషియన్ స్టార్టర్‌ని పక్కన పెట్టి మామూలు స్విచ్‌కి డైరెక్ట్ చేసినాడు, ఆ "వచ్చేదాకా" నెలలు అయిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ట్రైనీ పిల్లోడు ఒక పిన్ను టర్నింగ్ చేస్తా ఉంటే కరెంట్ పోయింది. మిషన్ నిలబడింది కదా, ఈ లోపల జాబ్ ఇంకాస్త బయటికి లాగి బిగిద్దామని చక్ కీ పెట్టి లూజ్ చేస్తా ఉన్నాడు. స్పిండిల్ లివర్ ఫార్వర్డ్‌లోనే ఉంది, స్విచ్ ఆన్‌లోనే ఉంది. కరెంట్ వచ్చేసింది. కీ పిడి వాడి చేతిలోంచి తిరిగి మణికట్టు మీద కొట్టి, బెడ్‌కి తగిలి, ఎగిరి గోడకి పోయి పడింది. మణికట్టు ఎముక చిట్లింది. తలకి తగిలుంటే ఏమయ్యేదో ఆ రోజు షాపులో ఎవరమూ మాట్లాడుకోలేకపోయినాం. వాడు చేసిన తప్పు చిన్నది, కానీ ఆ తప్పు దెబ్బగా మారింది డైరెక్ట్ చేసిన స్టార్టర్ వల్ల, తెలిసి కూడా నడిపించిన మా వల్ల.

కాబట్టి కరెంట్ పోయిందంటే వరస ఇది: ఆటో ఫీడ్ తీసెయ్, టూల్‌ని జాబ్ నుంచి నిదానంగా వెనక్కి లాగు, స్పిండిల్ లివర్ న్యూట్రల్ చెయ్, మెయిన్ ఆఫ్ చెయ్. ఆ తర్వాతే ఏ పనైనా. నీ షాపులో మిషన్ ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే మేస్త్రి దగ్గర ఉన్నప్పుడు, చక్కులో జాబ్ లేకుండా, జాస్ బాగా లోపలికి మూసి, తక్కువ స్పీడ్‌లో తిప్పి మెయిన్ ఆఫ్ చెయ్యి, చక్కు ఆగినాక మెయిన్ మళ్లీ ఆన్ చెయ్. గ్రీన్ బటన్ నొక్కకుండానే తిరిగిందంటే ఆ స్టార్టర్ బాగు చేసేదాకా దాని మీద పని చేయనని చెప్పు. మేస్త్రి కోప్పడినా పర్లేదు, ఇది అడగడానికి నువ్వు భయపడొద్దు.

మొదటి జాబ్, అంకెలతో

40 మిల్లీమీటర్ల ఎంఎస్ రాడ్, 120 పొడవు ముక్క తీసుకో. 60 పొడవు దాకా 38కి తీయాల అనుకుందాం. చక్కులో 45 లోపల పెట్టి 75 బయట ఉంచు, అంటే డయాకి రెండింతల లోపే బయట ఉంది, టెయిల్‌స్టాక్ సపోర్ట్ అక్కర్లేదు. నేనైతే మూడింతలు దాటిందంటే సెంటర్ పెట్టకుండా కట్ వేయను. టూల్ ముక్కు సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాల, టెయిల్‌స్టాక్‌లో సెంటర్ పెట్టి దాని మొనకి కలిపి చూసుకో, కింద షిమ్ ముక్కలు వేసి సరిచేసుకో. ఫేసింగ్ చేసినాక మధ్యలో చిన్న మొటిమ మిగిలిందంటే ఎత్తు కుదరలేదు. టూల్ కూడా పోస్ట్ నుంచి ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మంచిది, ఎక్కువ ఉంటే వణుకుతాది.

స్పీడ్ ఊహించి పెట్టొద్దు, లెక్క ఇది:

```
N = (1000 × V) / (π × D)
```

హెచ్‌ఎస్‌ఎస్ టూల్‌తో ఎంఎస్‌కి V నిమిషానికి 25 మీటర్లు అని పెట్టుకో. D 40 అయితే N సుమారు 199 వస్తాది. మిషన్ చార్ట్‌లో 199 ఉండదు, దానికి కిందున్న స్పీడ్ తీసుకో, పైది కాదు. స్పీడ్ మార్చాలంటే చక్కు పూర్తిగా నిలబడాల, తిరుగుతా ఉన్నప్పుడు లివర్ లాగితే గేరు పళ్లు పోతాయి. నిలబడినాక కూడా గేరు పడకపోతే లివర్‌ని గుద్దొద్దు, చక్కుని చేత్తో కొంచెం కదిలిస్తే పడిపోతాది.

40 నుంచి 38 అంటే డయాలో 2 తగ్గాల, అంటే కట్ లోతు మొత్తం 1. మొదటి కట్ 0.75 లోతు వేస్తే డయా 38.5 అవుతాది, తర్వాత 0.25 వేస్తే 38. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని మిషన్లలో క్రాస్ స్లైడ్ డయల్ స్లైడ్ ఎంత జరిగిందో చూపిస్తాది, కొన్నిట్లో డయా ఎంత తగ్గుతాదో చూపిస్తాది. కొత్త మిషన్ అయితే చిన్న కట్ ఒకటి వేసి, మిషన్ ఆపి, కొలిచి, డయల్‌తో పోల్చుకో. లేకపోతే 0.75 అనుకుని వేసింది 0.37 అయి ఊరుకుంటే పర్లేదు, తిరగబడితే జాబ్ పోతాది.

కట్ మొదలైనాక చూడాల్సింది రజను. ఎంఎస్‌కి రిబ్బన్ లాగా పొడుగ్గా వస్తాది, వేడిగా, బ్లేడ్ లాగా ఉంటాది, చూస్తా ఉండగానే జాబ్‌కి చుట్టుకుని కొరడా లాగా తిరుగుతాది. చేత్తో పట్టుకుని లాగితే ఎముకదాకా కోసేస్తాది. మధ్య మధ్యలో ఫీడ్ ఒక క్షణం ఆపితే రిబ్బన్ తెగుతాది. చుట్టుకుందంటే మిషన్ ఆపు, హుక్‌తో తియ్. శబ్దం "కీచు" మని మొదలైనా, జాబ్ మీద అలలు అలలుగా గుర్తులు పడినా టూల్ వణుకుతా ఉంది, ముందు కట్ తగ్గించకుండా టూల్ బయటికి ఎంత ఉందో, జాబ్ బిగింపు ఎట్లా ఉందో చూడు, చాలాసార్లు అక్కడే ఉంటాది.

కొలవడం ఎప్పుడూ ఆగిన జాబ్ మీదే. ఎమరీ పేపర్ వేళ్లకి చుట్టి పట్టుకోవద్దు, బోర్ లోపల వేలు పెట్టి పాలిష్ చేయొద్దు. ఇంకొకటి, పొడుగు రాడ్ స్పిండిల్ బొక్కలోంచి వెనక్కి బయటికి వస్తే అది అందరి కంటికీ కనపడదు, స్పీడ్ పెంచగానే వంగి చర్నాకోల లాగా కొడతాది. అట్లాంటి రాడ్‌ని ముందు కోసుకుని తెచ్చుకో, లేదా వెనక స్టాండ్ పెట్టి తక్కువ స్పీడ్‌లోనే తిప్పు, ఆ పక్కకి ఎవరూ రాకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టు.

ఆపడం

ముందు ఫీడ్ తీసెయ్, తర్వాత టూల్ వెనక్కి లాగు, ఆ తర్వాతే స్పిండిల్ న్యూట్రల్. ఈ వరస తిరగేసి ముందు స్పిండిల్ ఆపితే టూల్ జాబ్‌లోనే ఇరుక్కుని ముక్కు విరిగిపోతాది. చక్కు నిదానంగా ఆగుతా ఉంటే అరచెయ్యి అడ్డం పెట్టి ఆపే అలవాటు పాత మేస్త్రులకి కూడా ఉంటాది, నువ్వు మాత్రం అది నేర్చుకోవద్దు. బ్రేక్ పెడల్ ఉంటే అది తొక్కు, లేకపోతే ఆగు.

చక్కు నిలబడినాక మెయిన్ ఆఫ్ చేసి, ఆ తర్వాతే క్లీనింగ్ మొదలుపెట్టు. మొదట టూల్‌ని పోస్ట్ నుంచి తీసెయ్. మిషన్ తిరిగేటప్పుడు జాగ్రత్తగా ఉన్న పిల్లలు ఆపినాక తుడుస్తా తుడుస్తా ఆ టూల్ ముక్కుకే చెయ్యి కోసుకోవడం నేను చాలా చూసినా. తర్వాత జాబ్ తియ్, బరువైనదైతే కింద చెక్క ముక్క పెట్టి తియ్, బెడ్ మీద పడితే బెడ్‌కి గాయం, నీ వేలికి గాయం. కీ వెంటనే స్టాండ్‌కి. రజను బ్రష్‌తోనూ హుక్‌తోనూ తియ్, ఎయిర్ గన్‌తో ఊదొద్దు, ఊదితే సగం కళ్లల్లోకీ సగం స్లైడ్ల సందుల్లోకీ పోతాది. క్యారేజ్‌ని టెయిల్‌స్టాక్ వైపు చివరికి తెచ్చి పెట్టు, రేపు పొద్దున వచ్చేవాడు స్టార్ట్ చేసినప్పుడు చక్కు దగ్గర ఏమీ ఉండదు. లివర్లన్నీ న్యూట్రల్, స్పీడ్ తక్కువలో.

ఆఖరికి బెడ్‌ని పొడి బట్టతో తుడిచి, పల్చగా ఆయిల్ పూసి పో. కూలెంట్ నీళ్లు చక్కు కింద ఎప్పుడూ మిగిలిపోతాయి, అక్కడ క్యారేజ్ రోజూ పోదు కాబట్టి ఎవరూ తుడవరు, వానాకాలంలో ఒక్క రాత్రికే ఎర్రగా తుప్పు పట్టేస్తాది. పొద్దున నువ్వు వచ్చినప్పుడు ఆ చోటు మీద వేలు పెట్టి చూడు, వేలికి ఆయిల్ అంటితే రాత్రి సరిగ్గా మూసినట్టు.

నీ షాపులో ఏ లేతు ఉందో, చక్కు మరలతో ఎక్కించిందో కాదో, స్టార్టర్ టెస్ట్‌లో ఏం తేలిందో కింద రాయి తమ్ముడూ, దాన్నిబట్టి ఇంకేమన్నా ఉంటే చెప్తా.